ఇంటర్వ్యూ పొద్దున పంపే నాలుగు మాటలు

మనిషికి ఏ హానీ చేయకుండా, పావుగంటలో గుండె దడదడలాడేలా చేయాలంటే ఏం చేయాలి? ఒత్తిడి మీద పరిశోధన చేసేవాళ్లకు ఇది నిజంగానే అవసరమైన ప్రశ్న. 1993లో జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయంలో క్లెమెన్స్ కిర్ష్‌బామ్ బృందం దీనికి ఒక పద్ధతి కనిపెట్టింది. కరెంటు షాకులూ లేవు, పాములూ తేళ్లూ లేవు. ఉత్తుత్తి ఉద్యోగ ఇంటర్వ్యూ, అంతే. కాసేపు సిద్ధం కానిచ్చి, ముఖంలో ఏ భావమూ చూపించని కమిటీ ముందు నిలబెడతారు. ఈ ఉద్యోగానికి నువ్వే ఎందుకు తగినవాడివో ఐదు నిమిషాలు చెప్పమంటారు. అది అవగానే 1022లోంచి 13 చొప్పున తీసివేస్తూ పైకి చెప్పమంటారు. తప్పితే మళ్లీ 1022 నుంచి మొదలు. ఆ తర్వాత లాలాజలం తీసి చూస్తే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను చాలామందిలో బాగా పెరిగి ఉంటుంది. ప్రపంచమంతటా ల్యాబుల్లో ఇప్పటికీ వాడుతున్న పరీక్ష ఇది.

ఉత్తుత్తి ఇంటర్వ్యూకే ఒళ్లు ఇంతలా స్పందిస్తే, ఇంటి అద్దె ఆధారపడి ఉన్న అసలు ఇంటర్వ్యూ పొద్దున ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆ పొద్దున భర్తో, భార్యో పంపే చిన్న మెసేజ్ ఏం చేస్తుంది? మంచే చేస్తుందని మనమంతా అనుకుంటాం. పరిశోధనల్లో తేలింది మాత్రం అంత సూటిగా లేదు.

ట్రియర్ బృందమే రెండేళ్ల తర్వాత ఆ పరీక్షకు ముందు జోడీని కూడా గదిలోకి రానిచ్చింది. సిద్ధమయ్యే పది నిమిషాలూ పక్కన కూర్చుని ధైర్యం చెప్పొచ్చు. ప్రియురాలు పక్కనున్న మగవాళ్లలో కార్టిసాల్ తక్కువగా పెరిగింది. ప్రియుడు పక్కనుండి ధైర్యం చెప్పిన ఆడవాళ్లలో తగ్గకపోగా, కాస్త ఎక్కువయ్యే వైపే మొగ్గింది. తర్వాత 2007లో జ్యూరిక్‌లో బియాటె డిట్జెన్ బృందం 67 మంది ఆడవాళ్లతో మరో ప్రయోగం చేసింది. కొందరికి ఎవరూ తోడు లేరు, కొందరికి మగతోడు మాటలతో ధైర్యం చెప్పాడు, ఇంకొందరికి నోరు విప్పకుండా పది నిమిషాలు మెడా భుజాలూ నొక్కాడు. ఒత్తిడి తగ్గింది భుజాలు నొక్కించుకున్నవాళ్లకే. మాటలు మాత్రమే విన్నవాళ్లకు, తోడు లేనివాళ్లకు చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

దీన్నిబట్టి మగవాళ్ల మాటలకు విలువ లేదని తేల్చేయకూడదు. ఇవి చిన్న ప్రయోగాలు, యూరప్ జంటల మీద జరిగినవి. అయినా ఒక అనుమానానికి చోటిస్తున్నాయి. ధైర్యం చెప్పడంలోనే ఏదో చిక్కుంది. ఆ చిక్కేమిటో కొంత తేల్చినవాడు న్యూయార్క్‌లో పనిచేసిన నియల్ బోల్గర్.

న్యూయార్క్ రాష్ట్రంలో లాయరుగా నమోదు కావాలంటే బార్ పరీక్ష రాయాలి. రెండు రోజుల పరీక్ష, నెలల తరబడి చదువు. ఈ పరీక్షకు కూర్చుంటున్నవాళ్లనూ, వాళ్ల జోడీలనూ బోల్గర్ బృందం ఎంచుకుంది. పరీక్షకు ముందు దాదాపు నెలరోజులు ఇద్దరి చేతా విడివిడిగా డైరీ రాయించింది. ఈ రోజు నేను సాయం చేశానా అని ఒకరు రాస్తారు, నాకు సాయం అందిందా అని రెండోవారు రాస్తారు. ఒకరిది ఒకరు చూడరు. రెండు డైరీలూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు తేలిన విషయం 2000లో అచ్చయింది. సాయం అందిందని పరీక్ష రాసేవాళ్లు గుర్తించిన రోజుల తర్వాత వాళ్ల మనసు మరింత కుంగింది. జోడీ సాయం చేసినట్టు రాసి, పరీక్ష రాసేవాళ్లు మాత్రం దాన్ని గమనించని రోజుల తర్వాత మనసు తేలికపడింది. సాయం జరిగింది, కానీ సాయంలా కనబడలేదు. మేలు చేసింది అదే.

కారణం మనకు తెలియనిదేమీ కాదు. ‘నువ్వు చెయ్యగలవు, భయపడకు’ అని ఎవరైనా అన్నారంటే, మనం భయపడుతున్నట్టు వాళ్లకు కనబడుతోందన్నమాట. అప్పటిదాకా నిభాయించుకొస్తున్న మనిషికి ‘నా ముఖంలో అంతలా తెలిసిపోతోందా?’ అనిపిస్తుంది. దానికితోడు సాయం తీసుకున్న బరువొకటి. తర్వాత వచ్చిన పరిశోధనలు దీనికో సవరణ చేర్చాయి. కళ్లెదుట చేసిన సాయమైనా, నన్ను అర్థం చేసుకుని చేశారు అనిపించినప్పుడు మేలే చేస్తుంది. అర్థం చేసుకోకుండా, అందరికీ చెప్పే మాటే చెప్పినప్పుడు చేదవుతుంది. పొద్దున మెసేజ్ రాసేవాళ్లు పట్టుకోవాల్సిన కొస ఇదే. ఆ మెసేజ్ ఆ మనిషికి తప్ప ఇంకెవరికీ పంపలేనిదై ఉండాలి. పైగా అందులో ఓదార్పు వాసన ఉండకూడదు.

మన ఇళ్లలో ఈ సంగతి పెద్దవాళ్లకు తెలియకుండానే తెలుసు. ఇంటర్వ్యూకి వెళ్లేవాడికి ఇల్లాలో, అమ్మో ఎదురొస్తుంది. చెంచాడు పెరుగులో పంచదార వేసి నోట్లో పెడుతుంది. సర్టిఫికెట్ల ఫైలు కాసేపు దేవుడి దగ్గర ఉంటుంది. ఎక్కడికని అడక్కూడదని పిల్లల నోళ్లు మూయిస్తారు. శకునాల మీద నాకు నమ్మకం లేదు కానీ, ఈ తతంగంలో ఒక గుణం మాత్రం నచ్చుతుంది. వెళ్లేవాడి తెలివి గురించీ, భయం గురించీ ఇందులో ఒక్క మాట కూడా రాదు.

ఇక మెసేజ్‌కే వద్దాం. ఒక జంటను ఊహించుకుందాం. కూకట్‌పల్లిలో ఉంటారు. ఆమె సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేసి, బాబు పుట్టాక మానేసింది. నాలుగేళ్ల తర్వాత రాయదుర్గం దగ్గర ఒక కంపెనీలో పొద్దున పదిన్నరకు ఇంటర్వ్యూ. మొదటి రౌండు ఫోన్లోనే అయిపోయింది, ఇది నేరుగా జరిగే టెక్నికల్ రౌండు. ఎనిమిదింటికే బయల్దేరి మెట్రో ఎక్కింది. అమీర్‌పేటలో దిగి రాయదుర్గం రైలుకు మారాలి. ఇంట్లో ఉన్న భర్త ప్రేమగా టైపు చేసిన మొదటి ప్రతి ఇలా ఉంది. అసలు టైపు చేసేది ఇంగ్లిష్ అక్షరాల్లోనే అనుకోండి, ఇక్కడ మన లిపిలో ఇస్తున్నాను.

‘బంగారం, అస్సలు టెన్షన్ పడకు. నువ్వు చాలా టాలెంటెడ్. ఈ జాబ్ నీకు తప్పకుండా వస్తుంది. గ్యాప్ గురించి అడిగితే నేను చెప్పినట్టే చెప్పు. ఒరిజినల్స్ పెట్టుకున్నావా? ఇది వస్తే మన ఈఎంఐ ప్రాబ్లమ్ కూడా తీరిపోతుంది. అవ్వగానే ఫోన్ చెయ్. ఆల్ ది బెస్ట్!!’

ఇందులో ప్రేమకు లోటు లేదు. అయినా దాదాపు ప్రతి వాక్యమూ ఏదో ఒక బరువు ఎత్తుతోంది.

‘టెన్షన్ పడకు’తో మొదలుపెడదాం. 2014లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన ఆలిసన్ వుడ్ బ్రూక్స్ ప్రచురించిన ప్రయోగాలు ఈ మాట గురించే. కొత్తవాళ్ల ముందు పాట పాడటం, కెమెరా ముందు ప్రసంగించడం, టైము పెట్టి లెక్కలు చేయడం లాంటి పనులకు ముందు కొందరి చేత ‘నేను ప్రశాంతంగా ఉన్నాను’ అనే తరహా మాటలు, కొందరి చేత ‘నాకు ఉత్సాహంగా ఉంది’ అనే తరహా మాటలు అనిపించారు. ఉత్సాహం అన్నవాళ్లు మెరుగ్గా చేశారు. గుండె వేగం, అరచేతుల చెమట, కడుపులో గాభరా కంగారులోనూ ఉంటాయి, హుషారులోనూ ఉంటాయి. కాబట్టి కంగారులోంచి హుషారులోకి జరగడం సులువు. కంగారులోంచి నిశ్శబ్దంలోకి దిగాలంటే ఒళ్లంతా చల్లారాలి, అది పది నిమిషాల్లో జరిగే పని కాదు. ఇంకో విషయం కూడా ఆ ప్రయోగాల్లో కనబడింది. ఉత్సాహం అని చెప్పుకున్నంత మాత్రాన గుండె దడ తగ్గలేదు. దడ అలాగే ఉంది, పని మాత్రం బాగా జరిగింది. అందుకే టెన్షన్ తగ్గించడం మెసేజ్ పని కాదు. ఆ టెన్షన్‌ను దాని మానాన వదిలేసి, చూపును చేయాల్సిన పని మీదికి తిప్పితే చాలు.

‘నువ్వు చాలా టాలెంటెడ్’ అన్నది ఎవరికైనా చెప్పొచ్చు. పైగా నాలుగేళ్లు ఇంట్లో ఉన్న మనిషి ఆ మాటతో లోపల్లోపలే వాదనకు దిగుతుంది. ‘నువ్వు నా భర్తవి కాబట్టి అంటున్నావు, వాళ్లనుకోవాలిగా’ అంటుంది మనసు. గుణం పేరెత్తితే వాదించొచ్చు. జరిగిన పని గుర్తుచేస్తే వాదించడానికి ఏమీ ఉండదు.

‘తప్పకుండా వస్తుంది’ అన్నది మరీ ప్రమాదం. ఉద్యోగం రావడం ఆమె చేతిలో లేదు. వాళ్ల దగ్గర ఎంత బడ్జెట్ ఉందో, లోపలివాళ్లకే ఇవ్వాలనుకుంటున్నారో ఎవరికి తెలుసు? రాకపోతే ఆ మాట ఫోన్లో అలాగే ఉండిపోతుంది. కంపెనీ పంపిన ‘సారీ’ మెయిల్ చదివాక చాట్ తెరిస్తే భర్త చెప్పిన జోస్యం అక్కడే కనిపిస్తుంది. ఈఎంఐ వాక్యం గురించి నేను చెప్పేదేముంది? ఒక గంట సంభాషణ మీద ఇల్లంతా ఎత్తి పెట్టినట్టుంది.

గ్యాప్ విషయం వేరు. ఆ ప్రశ్న తప్పకుండా వస్తుంది, సమాధానం సిద్ధంగా ఉండాల్సిందే. కానీ దానికి టైము నిన్న సాయంత్రం, మొన్న సాయంత్రం. రైల్లో కూర్చున్న మనిషికి తన బలహీనమైన చోటును వేలుపెట్టి చూపిస్తే, అమీర్‌పేటలో రైలు మారేదాకా అదొక్కటే నెమరేస్తుంది. ‘ఒరిజినల్స్ పెట్టుకున్నావా’ కూడా అంతే. పెట్టుకోకపోయినా ఇప్పుడు చేయగలిగింది తక్కువ. పెట్టుకున్నా ఒకసారి బ్యాగు తెరిచి చూసుకునేదాకా ఊరుకోదు.

ఈ పనులన్నీ రాత్రే, చప్పుడు లేకుండా జరగాలి. బోల్గర్ డైరీల్లో మేలు చేసింది కూడా ఇలా కనబడకుండా జరిగిన సాయమే. ఫైలు సర్ది కళ్లకు కనబడేచోట పెట్టడం, ఆమె ఫోనుకు చార్జర్ తగిలించడం, మెట్రో కార్డులో డబ్బులున్నాయో లేదో చూడటం, పొద్దున బాబు సంగతి తన మీద వేసుకోవడం. ‘నీ కోసం ఇవన్నీ చేశాను’ అని చెప్పకుండా ఉండటమే ఇందులో కష్టమైన భాగం. చాలామంది అక్కడే జారిపోతారు.

రాత్రి ఇంకో పని కూడా జరగాలి. పొద్దున మెసేజ్‌కు సరుకు అక్కడే దొరుకుతుంది. భోజనాలయ్యాక భర్త ఆమెను ఇంటర్వ్యూ చేయలేదు. ‘మీ పాత కంపెనీలో నువ్వు పట్టుకున్నవాటిల్లో బాగా గుర్తున్నదేంటి?’ అని మామూలుగా అడిగాడు. ఆమె ఒక షాపింగ్ యాప్ సంగతి చెప్పింది. కస్టమర్ ఒక వస్తువు వాపసు ఇచ్చి, అదే ఆర్డరులో మళ్లీ కొంటే కూపన్ తగ్గింపు రెండుసార్లు పడుతోంది. పరీక్షల జాబితాలో ఆ కేసే లేదు. అందరూ కొనడం విడిగా, వాపసు విడిగా పరీక్షించారు. రెండూ ఒకదాని వెంట ఒకటి చేసి చూడాలని ఆమెకు తట్టింది. చెబుతున్నప్పుడు ఆమె చేతులు కదిలాయి, గొంతులో వేగం వచ్చింది, సాఫ్ట్‌వేర్ తెలియని అత్తగారు కూడా ‘అయితే షాపువాడికి నష్టమేగా’ అంది.

ఇంతకంటే మంచి సరుకు దొరకదు. ఇది పొగడ్త కాదు, జరిగిన విషయం. ఆమె నోటితో ఆమే చెప్పింది కాబట్టి కాదనలేదు. టెక్నికల్ రౌండులో ‘మీరు పట్టుకున్న కష్టమైన బగ్ చెప్పండి’ అన్న ప్రశ్నకు సమాధానం కూడా ఇదే. భర్త తిరగరాసిన మెసేజ్ ఇది:

‘రాత్రి ఆ కూపన్ రెండుసార్లు పడే సంగతి చెప్పావు చూడు, అమ్మకి కూడా అర్థమైపోయింది. వాళ్లకీ అలాగే చెప్పు. చిన్నోడు ఇడ్లీ తిని బస్సెక్కాడు. సాయంత్రం అమ్మ దింపుకొస్తుంది. రిప్లై ఇవ్వక్కర్లేదు.’

నాలుగు ముక్కలు. మొదటిది సాక్ష్యం. రెండోది చేయాల్సిన పని, అదీ ఆమె ఇప్పటికే ఒకసారి చేసేసిన పని. మూడోది ఇంటి బెంగ ఒకటి తీసేస్తోంది, అలాగని సాయం చేస్తున్నట్టు చెప్పుకోవడం లేదు, ఉన్న సంగతి చెబుతోంది అంతే. చివరి వాక్యం చిన్నదే కానీ దాని విలువ పంపేవాళ్లకు తెలియదు. మెసేజ్ వచ్చిందంటే జవాబివ్వాలి. జవాబిస్తే ‘బానే ఉన్నా’ అనాలి. బానే లేకపోయినా అనాలి. ఆ కాస్త నటనకూ శక్తి ఖర్చవుతుంది. దాన్నుంచి ఆమెను ముందే వదిలేశాడు.

వరుస కూడా ముఖ్యమే. ఫోను తాళం తీయకుండా చూస్తే మెసేజ్‌లో మొదటి ఒకటి రెండు లైన్లే కనబడతాయి. ఆ మొదటి లైను ‘చిన్నోడు...’ అని మొదలైతే తల్లి గుండె ఒక్కసారి ఆగుతుంది, వాడికేమైందోనని. అందుకే కూపన్ ముందు, చిన్నోడు తర్వాత.

ఎప్పుడు పంపాలి? చివరి పది నిమిషాల్లో మాత్రం వద్దు. అప్పుడామె గేటు దగ్గర సెక్యూరిటీకి ఐడీ చూపిస్తూనో, లిఫ్టు వెతుక్కుంటూనో ఉంటుంది. కొన్నిచోట్ల ఫోను బయటే పెట్టించేస్తారు కూడా. అమీర్‌పేటలో మారి, రాయదుర్గం రైల్లో సీటు దొరికాక చదవగలిగేలా పంపితే చాలు. ఒక్కసారే పంపాలి. మూడు మెసేజ్‌లు, రెండు దేవుడి బొమ్మలు, ఒక వాయిస్ నోటు కలిస్తే అది ప్రోత్సాహం కాదు, ఇంట్లో వాళ్లందరి టెన్షనూ ఆమె ఫోన్లోకి దింపినట్టు. వాయిస్ నోటుతో ఇంకో ఇబ్బంది, ఇయర్‌ఫోన్ లేకపోతే రైలంతా వింటుంది.

ఇంటి నుంచే వీడియో ఇంటర్వ్యూ అయితే జాగ్రత్త మరింత కావాలి. ల్యాప్‌టాప్‌లో వాట్సాప్ తెరిచి ఉంటే, స్క్రీన్ షేర్ చేసిన సమయానికి మూలన మెసేజ్ తేలుతుంది. ‘బంగారం’ అని మేనేజరు చదువుతాడు. లాగిన్ అయ్యాక ఏమీ పంపకూడదు. ముందే ల్యాప్‌టాప్‌లో వాట్సాప్ మూసేయాలి. నిజానికి ఇంట్లోనే ఉన్నప్పుడు మెసేజే అక్కర్లేదు. జ్యూరిక్ ప్రయోగంలో పనిచేసింది చేతులు. పక్క గదిలో ఉన్న మనిషి వెనకనుంచి వచ్చి కాసేపు భుజాలు నొక్కి, కుక్కర్ విజిల్ రాకుండా స్టవ్ ఆపి వెళ్తే సరిపోతుంది.

పంపేది భార్య అయితే? సూత్రం అదే, సరుకు మారుతుంది. నలభై ఐదు దాటాక కంపెనీ తీసేసిన భర్త, తనకంటే పదేళ్లు చిన్నవాళ్ల ముందు కూర్చోబోతున్నాడనుకోండి. అతని కంగారు ప్రశ్నల గురించి కాదు, పరువు గురించి. అక్కడ ‘మీకేం తక్కువ’ అనే మాట నేరుగా పుండు మీదే పడుతుంది. ‘వరదలప్పుడు రెండు రాత్రులు గోడౌన్‌లోనే ఉండి స్టాకు కాపాడారు కదా, ఆ సంగతి మొదట్నుంచీ చెప్పండి. మీరు చెప్తే వినబుద్ధేస్తుంది. మధ్యాహ్నం గుత్తొంకాయ చేస్తున్నా’ అన్నది సరిపోతుంది. కూర ప్రస్తావన అలంకారం కోసం కాదు. ఉద్యోగం వచ్చినా రాకపోయినా మధ్యాహ్నం అన్నం ఒకటే అని, ఆ మాట అనకుండానే చెప్పింది.

ఇంటర్వ్యూ అయ్యాక ఫోన్ వాళ్లే చేయాలి. చేసినప్పుడు ‘ఏమన్నారు? వస్తుందా?’ అని కాక ‘ఏమేం అడిగారు?’ అని అడిగితే, చెప్పడానికి వాళ్ల దగ్గర ఏదో ఒకటి ఉంటుంది. అందులో బాగా జరిగిన ముక్క ఒకటి తప్పకుండా దొరుకుతుంది. రెండో రౌండుంటే ఆ పొద్దునకు అదే సరుకు. కూపన్ కథ మళ్లీ వాడకూడదు, అరిగిపోతుంది.

అసలు ఏ మెసేజూ వద్దనేవాళ్లు కూడా ఉంటారు. ఇంటర్వ్యూ పొద్దున ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టేసి, ఎవరి గొంతూ వినకుండా వెళ్లేవాళ్లు. వాళ్లకు పంపిన మంచి మెసేజ్ కూడా చికాకే. మీ ఇంట్లో మనిషి ఏ రకమో తెలియకపోతే రాత్రి పడుకునేముందు అడిగేయొచ్చు: ‘పొద్దున ఏమైనా పంపనా, వద్దా?’ వద్దంటే నొచ్చుకోకుండా ఊరుకోవాలి, ఫోనుకు చార్జర్ పెట్టడం మాత్రం మానకుండా.